టెఫ్ కెనడా స్పీకింగ్ కోచింగ్: "ఏమో, నాకు ఇంట్రెస్ట్ లేదు" అన్న మేడమ్ గురించి

టెఫ్ కెనడా అంటే కెనడా ఇమ్మిగ్రేషన్ కోసం రాసే ఫ్రెంచ్ పరీక్ష. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో దాని స్పీకింగ్ బ్యాచ్‌లో చాలా కాలం ఉన్నాను, పరీక్ష కూడా రాసేశాను. ఫీజులు, టైమింగులు వాళ్ళకి ఫోన్ చేస్తే చెప్తారు, నేను చెప్పేది రోల్ ప్లే గురించి మాత్రమే. డబ్బు గిట్టుబాటయింది అక్కడే.

స్పీకింగ్‌లో రెండు భాగాలు. సెక్షన్ ఏలో 5 నిమిషాలు, ఒక ప్రకటన చూసి ఫోన్ చేసినట్టు నటిస్తూ వివరాలు అడగాలి, 'వూ' అని మర్యాదగా. సెక్షన్ బీలో 10 నిమిషాలు, ఇంకో ప్రకటన గురించి ఫ్రెండ్‌కి చెప్పి ఒప్పించాలి, 'తు' అని చనువుగా. ఎదురుగా ఉన్న ఎగ్జామినరే మొదట ఆఫీసు మనిషి, తర్వాత మీ ఫ్రెండ్.

సెక్షన్ బీలో అందరూ అభ్యంతరాలకి జవాబులు బట్టీ పడతారు. డబ్బు లేదంటే ఇది, టైమ్ లేదంటే అది. ఒకరోజు వీకెండ్ కుండల తయారీ వర్క్‌షాప్ ప్రకటన ఇచ్చారు. నేను గడగడా ధర, స్థలం, అక్కడ కొత్తవాళ్ళు పరిచయమవుతారు అన్నీ చెప్పాను. ఫ్రెండ్ పాత్రలో ఉన్న మా కోచింగ్ మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి "బోఫ్... సా మ ది రియాఁ" అని ఊరుకున్నారు. అంటే, ఏమో, నాకు ఇంట్రెస్ట్ లేదు. అభ్యంతరమే లేకపోతే జవాబు దేనికి చెప్పాలి? గడియారం తిరుగుతూనే ఉంది. అక్కడ చాలామంది ఇంకో వాదన తోసేస్తారు, అది కూడా గోడకే తగులుతుంది. మేడమ్ నేర్పింది వేరు: ముందు కారణం బయటికి లాగాలి. "కెస్కి త జెన్?" అంటే నీకు ఇబ్బంది ఏంటి అని అడగాలి. ఆవిడ "చేతులు మురికవుతాయి, పైగా నాకు రాదు" అన్నారు. ఇప్పుడు పట్టు దొరికింది. మొదట ఒప్పుకోవాలి, "జ కోంప్రాఁ, మే..." అంటే అర్థమైంది కానీ అని, తర్వాత ప్రకటనలోంచే ఒక ముక్క తీయాలి, "బిగినర్స్‌కి అని రాసి ఉంది చూడు, ఏప్రన్ వాళ్ళే ఇస్తారట". చివర ప్రశ్న: "ఒక్క శనివారం వెళ్ళి చూద్దామా?" ప్రశ్నతో ఆపితే బంతి వాళ్ళ వైపు పడుతుంది. ఒక వాదన అయ్యాకే రెండోది, మూడు చాలు. మొదట్లోనే అన్నీ గుమ్మరిస్తే ఆ తర్వాత మిగిలేది ఉండదు.

ఇంకో చిక్కు మన వైపు నుంచి వస్తుంది. మనకు మీరు, నువ్వు రెండూ ఉన్నాయి కదా తేలికే అనుకుంటాం, కానీ పెద్దావిడని 'తు' అనడానికి నోరు రాదు, 5 నిమిషాలు 'వూ' అన్నాక మరీ. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మొదట తోటి స్టూడెంట్లతో బీ చేయించారు, బాగానే అలవాటైంది, కానీ అది చనువున్న మనిషితో అలవాటు మాత్రమే. మేడమ్‌తో చేస్తేనే అసలు పరీక్ష ఎలా ఉంటుందో తెలిసింది. మీ బ్యాచ్‌లో సగం సార్లయినా మీకంటే పెద్దవాళ్ళతో చేయించమని అడగండి.

సెక్షన్ ఏకి వాళ్ళిచ్చిన ప్రశ్నల షీట్‌ని అప్పట్లో అందరికీ పొగిడి చెప్పాను. మొదటి నెలకి అది బావుంటుంది, అంతకు మించి కాదు. ఎందుకంటే, "ధర ఎంత?" అని అడిగితే ఎగ్జామినర్ "120 యూరోలు, మట్టి మా దగ్గరిదే, కాల్చే ఖర్చు వేరు" అంటారు. షీట్‌లో తర్వాతి ప్రశ్న "సామాను ఇస్తారా?" అని ఉంటే అడిగేసినవాడు చెవిటివాడిలా కనిపిస్తాడు. అదే "కాల్చడానికి ఎంత అదనం?" అంటే విన్నట్టు తెలుస్తుంది. అందుకే పూర్తి ప్రశ్నలు కాకుండా ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, షరతులు అని గుర్తుపెట్టుకోవడం మేలు. ప్రతి ప్రశ్నా 'ఎస్క్' అనే మామూలు ప్రశ్నపదంతో మొదలవకుండా "పూరియే వూ మ దీర్...", అంటే కాస్త చెప్పగలరా, లాంటివి రెండు మూడు కలిపితే మర్యాద, వైవిధ్యం రెండూ వస్తాయి.

లోటు ఒకటి: బ్యాచ్ పెద్దదైతే మన వంతు వచ్చేసరికి టైమర్ పెట్టడం మానేస్తారు, 10 నిమిషాల బీ ఒక్కోసారి 4 నిమిషాలకే ముగుస్తుంది. ఫోన్‌లో టైమర్ మీరే పెట్టుకోండి.

నేను చేరేటప్పటికి ఫ్రెంచ్‌లో మధ్యస్థమైన బీ1 స్థాయి వరకు వచ్చి ఉన్నాను, ఆఫీసు నైట్ షిఫ్ట్ కావడం వల్ల పగలు ఖాళీ. కెనడా పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ కేటగిరీకి నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ అనే కెనడా ఫ్రెంచ్ స్కేల్‌లో 7 కావాలి, నా గొడవంతా స్పీకింగ్‌తోనే కాబట్టి నాకు పనికొచ్చింది. వాక్యాలు కట్టడమే కష్టంగా ఉన్నవాళ్ళకి మాత్రం ఇది ఇప్పుడే వద్దంటాను. టీసీఎఫ్ కెనడా అనే ఇంకో ఫ్రెంచ్ పరీక్ష రాసేవాళ్ళకైతే స్పీకింగ్‌లో రెండో టాస్క్ ఒక్కటే సెక్షన్ ఏతో కలుస్తుంది, అందులో తయారీకి 2 నిమిషాలు కూడా ఇస్తారు. ఫ్రెండ్‌ని ఒప్పించే పని అక్కడ లేదు.