రిఫరల్ అడగాలంటే: ‘ఏమన్నా ఉంటే చూడన్నా’ మేలా, జాబ్ ఐడీతో అడగడం మేలా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. పొద్దున లాకర్‌లో పెడితే షిఫ్ట్ అయ్యాకే చేతికొస్తుంది. సాయంత్రం మహబూబ్‌నగర్ బస్సెక్కి ఫోన్ తెరిస్తే తరచూ ఇలాంటి మెసేజ్ కనపడుతుంది: “అన్నా, బాగున్నవా? మీ కంపెనీల ఏమన్నా ఓపెనింగ్స్ ఉంటే చూడు.” కింద ఒక రెజ్యూమె. అడిగేవాళ్లు మనవాళ్లే, చేసిపెట్టాలనే ఉంటుంది. అయినా అలా వచ్చినవాటిలో చాలా మటుకు నా ఫోన్‌లోనే ఉండిపోయాయి.

కారణం చెప్తాను. రిఫర్ చేయడమంటే హెచ్‌ఆర్ చెవిన ఒక మాట వేయడం అనుకుంటారు. మా దగ్గర అది ఒక ఫారం. ఆఫీసు కంప్యూటర్‌లో కంపెనీ పోర్టల్ తెరవాలి, జాబ్ ఐడీ కొట్టి పోస్టు వెతకాలి, అభ్యర్థి పేరు, మెయిల్, ఫోన్ నంబర్ నింపాలి, రెజ్యూమె ఎక్కించాలి. చివర రెండు గడులుంటాయి: ఈ మనిషి మీకు ఎలా తెలుసు, ఈ పోస్టుకు ఎందుకు తగినవాడు. ఇవన్నీ చేతిలో ఉంటే టీ విరామంలో అయిపోయే పని. లేకపోతే నేనే పోస్టులన్నీ వెతికి, రెజ్యూమె మొత్తం చదివి, ఏది సరిపోతుందో తేల్చాలి. ‘ఏమన్నా ఉంటే చూడు’ అన్న మాటతో ఈ బరువంతా అవతలివాళ్ల మీద పడుతుంది. ఆదివారం చూద్దాంలే అనుకుంటాం. ఈలోగా ఆ పోస్టు మూసేస్తారు.

మా చిన్నమ్మ కొడుకు ఈ రెండు దార్లూ నడిచాడు. నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, చౌటుప్పల్ వైపు మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ యూనిట్ క్యూసీలో మూడున్నరేళ్లుగా ఉన్నాడు. మొదటిసారి వాడు పంపింది పైన చెప్పిన మెసేజే. రెజ్యూమె ఫోన్‌తో తీసిన ఫోటో, దాంట్లో నంబర్ పాతది. క్యూసీ అని రాశాడు గానీ రా మెటీరియల్ చూస్తాడా, స్టెబిలిటీ చూస్తాడా, ఏ పరికరం మీద కూర్చుంటాడో ఎక్కడా లేదు. నేను ఏ ఉద్యోగానికి పెట్టాలి? రెండు నెలలు అట్లే గడిచిపోయాయి, వాడు పెద్దమ్మ కొడుకు పట్టించుకోలేదని నొచ్చుకున్నాడు. ఫోన్ చేసి విషయం విడమరిచి చెప్పాను. రెండోసారి ఇలా రాశాడు:

“అన్నా, మీ కంపెనీ కెరీర్స్ పేజీల క్యూసీ పోస్టు చూసిన, పోలేపల్లి ప్లాంటుకే. జాబ్ ఐడీ, లింకు కింద పెట్టిన. వాళ్లు రెండు నుంచి ఐదేండ్ల అనుభవం అడిగిన్రు, నాకు మూడున్నర ఉన్నది. ఇంక అప్లయ్ చెయ్యలే. నువ్వు రిఫర్ చెయ్యగల్గుతవా? వీలుగాకపోతే పర్వాలేదన్నా, నేనే సైట్‌ల అప్లయ్ చేస్త. సరేనంటే రెజ్యూమె ఏ మెయిల్‌కు పంపాల్నో చెప్పు.”

నాకు ఇది చదవడానికి నిమిషం కూడా పట్టలేదు. ఏ పోస్టో తెలిసింది, సరిపోతాడని తెలిసింది, కాదనే వీలు కూడా ఇచ్చాడు. ఆ చివరిది మొహమాటానికి పెట్టే మాట కాదు. కొన్ని కంపెనీల్లో సొంత బంధువుల్ని రిఫర్ చేస్తే ముందే చెప్పాలి, కొన్నిచోట్ల మన విభాగంలోకే చేయనివ్వరు. కాదనే దారి ఉంటే అవతలివాళ్లు నిజం చెప్తారు, లేకపోతే సరే సరే అని నాన్చుతారు.

అడగడం వాట్సాప్‌లో మేలు, కాగితాలు పంపడం మాత్రం మెయిల్‌లో మేలు. మా కంప్యూటర్లలో వాట్సాప్ తెరుచుకోదు, పెన్‌డ్రైవ్ పనిచేయదు. ఫోన్‌లో ఉన్న రెజ్యూమెను పోర్టల్ దాకా చేర్చడమే ఒక పని అయిపోతుంది. మెయిల్‌లో రెజ్యూమె పీడీఎఫ్‌గా ఉండాలి, ఫైల్‌కు `resume_final2.pdf` అని కాకుండా మన పేరూ, పోస్టూ పెట్టాలి.

ఆ మెయిల్‌లోనే ఫారంలోని ఆఖరి గడికి సరిపోయే నాలుగైదు వాక్యాలు కూడా ఉండాలి. ‘నేను కష్టపడి పనిచేస్తాను’ అని రాసుకున్నది నాకు పనికిరాదు, ఎందుకంటే ఆ గడిలో మాట్లాడేది నేను. అందుకని నా నోటి మాటగా, యథాతథంగా ఎత్తి పెట్టగలిగేలా రాయాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి వాడూ ఇంగ్లీషులోనే రాశాడు, సారం ఇదీ: ‘ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బల్క్ డ్రగ్ యూనిట్ క్యూసీలో మూడున్నరేళ్లు. హెచ్‌పీఎల్‌సీ మీద అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ పరీక్షలు రోజూ చేస్తాడు, ఎంపవర్ సాఫ్ట్‌వేర్ వచ్చు. టాబ్లెట్ల డిసొల్యూషన్ చేయలేదు. నోటీస్ పీరియడ్ 60 రోజులు.’

ఆ డిసొల్యూషన్ వాక్యం దగ్గర వాడు చాలాసేపు తటపటాయించాడు. టాబ్లెట్ ఎలా కరుగుతుందో చూసే ఆ పరీక్షను పోస్టులో అడిగారు, బల్క్ డ్రగ్ యూనిట్‌లో టాబ్లెట్లు ఉండవు గనుక వాడికి ఆ పని తగల్లేదు. తీసేయమంటావా అన్నాడు. వద్దన్నాను. ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లో అది బయటపడుతుంది, అప్పుడు వాడి మాటతోపాటు నా మాట కూడా పోతుంది. ముందే రాస్తే నేర్పుకుందామనుకునే మేనేజర్ పిలుస్తాడు, వద్దనుకునేవాడు పిలవడు. ఎలా తెలుసు అన్న గడిలో కూడా అంతే, తమ్ముడు అని పెట్టాను. కలిసి పనిచేయనివాణ్ని కలిసి పనిచేశామని రాసేది లేదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇంకొక చోట: ముందు సైట్‌లో అప్లయ్ చేసేసి, తర్వాత రిఫరల్ అడగడం. సిస్టమ్ మనిషిని మెయిల్‌తోనో, ఫోన్ నంబర్‌తోనో గుర్తుపడుతుంది. ఆ మెయిల్ అప్పటికే లోపల ఉంటే, చాలా కంపెనీల్లో తర్వాత పెట్టిన రిఫరల్ లెక్కలోకి రాదు. కాబట్టి అడగడం ముందు, అప్లయ్ తర్వాత మేలు. అయితే పోస్టు రేపో మాపో మూసేస్తారని తెలిసి, అవతలి మనిషి రెండు రోజులైనా పలక్కపోతే ఆగొద్దు, అప్లయ్ చేసేయండి. ఇదివరకే చేసుంటే ఆ సంగతి దాచకుండా తేదీతో సహా చెప్పండి. వేరే మెయిల్ ఐడీతో మళ్లీ దూరాలని చూస్తే ఒకే మనిషి రెండుసార్లు కనపడి అసలుకే మోసం వస్తుంది.

మరి వాక్-ఇన్ సంగతేమిటని మా వైపు పిల్లలు అడుగుతారు. ఫార్మాలో వాక్-ఇన్‌లు ఎక్కువే. కొత్తగా డిగ్రీ చేతికొచ్చినవాళ్లకు అదే మేలంటాను, ఎందుకంటే అక్కడ ఒకే రోజు చాలామందిని చూస్తారు, వాళ్ల గురించి రిఫర్ చేసేవాడికి చెప్పడానికి కూడా ఎక్కువ ఉండదు. రెండేళ్లు దాటి ఒక పరికరం మీద చెయ్యి తిరిగినవాళ్లకు రిఫరలే మేలు. అయినా రిఫరల్‌తో ఉద్యోగం రాదు, రెజ్యూమెను హెచ్‌ఆర్ తెరిచి చూడటం వరకే దాని పని.

మా వాడిది మంగళవారం పెట్టాను. పెట్టిన వెంటనే అభ్యర్థి మెయిల్‌కు ఒక లింకు పోతుంది, దాంట్లో మిగతా వివరాలు నింపితేనే దరఖాస్తు పూర్తయినట్టు. శుక్రవారం పోర్టల్‌లో చూస్తే ఇంకా అసంపూర్తి అనే ఉంది. బస్సులోంచి ఫోన్ చేశాను.

“ఏం మెయిల్ రాలేదన్నా.”

“స్పామ్‌ల చూడు.”

కాసేపు చప్పుడు లేదు. “ఉన్నదన్నా. మూడు రోజుల నుంచి ఈడనే ఉన్నది.”

బస్సు మహబూబ్‌నగర్ చేరేసరికి నింపేశానని మెసేజ్ పెట్టాడు.