నిమిషం లెక్కా, నాలుగు ప్రశ్నలా: నాలుగో తరగతి పిల్లల చదువు తేల్చడానికి ఏది మేలు?

జూన్‌లో కొత్త తరగతి చేతికొచ్చాక ఎవరు ఎంతవరకు చదవగలరో తెలుసుకోవాలి. చేతిలో ఉన్నది ఒక్క పేరా. దాన్ని మూడు రకాలుగా వాడొచ్చు. ఒక నిమిషం చదివించి సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టడం ఒకటి. తరగతి మొత్తానికీ పంచి, మౌనంగా చదివించి, జవాబులు రాయించడం రెండోది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని పేరా మొత్తం పైకి చదివించి, నాలుగు ప్రశ్నలు నోటితో అడగడం మూడోది.

రెండోదాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది, నిజమే. కానీ సున్నా వచ్చిన పిల్లాడు చదవలేకపోయాడా, చదివి అర్థం చేసుకోలేదా, తెలిసినా రాయలేకపోయాడా అన్నది కాగితం చెప్పదు. పక్కవాడి పలక చూసి రాసిన జవాబు సంగతి సరేసరి.

పోటీ మిగతా రెండింటి మధ్యే. ఈ పేరా చూడండి:

"వేసవిలో ఊరి చెరువు ఎండిపోయింది. రాములు తన గేదెలను నీళ్ల కోసం పక్క ఊరికి తోలుకెళ్లేవాడు. ఒకరోజు దారిలో దూడ నడవలేక కూలబడింది. రాములు తన సీసాలోని నీళ్లన్నీ దాని నోట్లో పోశాడు. ఇంటికొచ్చేసరికి అతని పెదవులు పగిలి ఉన్నాయి. అమ్మ అడిగితే, సీసా దారిలో ఒలికిపోయిందన్నాడు. దూడ మాత్రం అతని చేతిని నాకుతూ నిలబడింది."

మొత్తం 40 పదాలు. తరగతిలో వాడేటప్పుడు ఇంతకు రెట్టింపు ఉంటే మంచిది. 40 పదాల్లో ఒక్క తప్పు దొర్లినా రెండున్నర శాతం పోతుంది.

లెక్క కట్టడం తేలికే. సరిగ్గా చదివిన పదాలను 60తో గుణించి, పట్టిన సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని పదాలో వస్తుంది. పదం వదిలేసినా, మరో పదం చదివినా తప్పు. మూడు సెకన్లు ఆగిపోతే పదం మనమే అందించి, దాన్నీ తప్పుగా వేసుకోవాలి. తడబడి తనే దిద్దుకుంటే ఒప్పే. 'పోశాడు'ను 'పోసాడు' అన్నా, 'ఉన్నాయి'ని 'ఉన్నయి' అన్నా తప్పు కాదు, అది ఇంటి మాట. 'తోలుకెళ్లేవాడు' దగ్గర 'తోల్కవోయేటోడు' అన్న పిల్లవాడైతే అచ్చులో ఉన్నది అర్థం చేసుకుని తన మాటలో చెప్పాడన్నమాట. లెక్కలో తప్పే, కానీ దానికి నేను వేరే గుర్తు పెట్టుకుంటాను.

ఇక ప్రశ్నలు. గేదెలను ఎక్కడికి తోలుకెళ్లేవాడు? దూడ కూలబడితే ఏం చేశాడు? ఈ రెండింటికీ జవాబు పేరాలోనే ఉంది. అతని పెదవులు ఎందుకు పగిలాయి? అమ్మకు అలా ఎందుకు చెప్పాడు? ఈ రెండింటికీ వాక్యాలు కలుపుకుని ఆలోచించాలి. జవాబుకు ఒక్కో మార్కు. 'వేసవిలో చెరువు ఏమైంది' అని అడగకపోవడానికి కారణం ఉంది. పేరా చూడని పిల్లవాడు కూడా ఎండిపోయిందనే అంటాడు. ప్రశ్నలు తయారయ్యాక, పేరా చదవని ఇద్దరు ముగ్గుర్ని అవే అడిగి చూడండి. చెప్పగలిగారంటే ఆ ప్రశ్న చదువును కొలవడం లేదు, మార్చేయాలి.

ఏ తరగతిలోనైనా కనిపించే ముగ్గురిని తీసుకుందాం. మొదటివాడు 34 సెకన్లలో గడగడా చదివేశాడు, ఒకే తప్పు. 39ని 60తో గుణించి 34తో భాగిస్తే 69 పదాలు. రెండో పాపకు 65 సెకన్లు పట్టింది, రెండు తప్పులు, 35 పదాలు. మూడో పిల్ల 95 సెకన్లు కష్టపడి 31 పదాలే సరిగ్గా చదివింది, అంటే నిమిషానికి 20.

నిమిషం లెక్క ఒక్కటే చూస్తే మొదటివాడు గట్టెక్కాడు, మిగతా ఇద్దరూ వెనకబడ్డారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి చివరికి పెట్టిన లక్ష్యం కూడా నిమిషానికి కనీసం 60 పదాలే. అయితే 'ఒలికిపోయిందన్నాడు' లాంటిది తెలుగులో ఒక్క పదం. ఇంకో భాషలో అదే సంగతికి మూడు నాలుగు పదాలు పడతాయి. 2022లో మూడో తరగతి పిల్లలపై 20 భాషల్లో అధ్యయనం చేసినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ ఏ భాషకు ఆ భాషలోనే హద్దులు పెట్టింది. కాబట్టి 60ని గీతలా పట్టుకోకుండా, ఇదే పేరా చదివిన మీ తరగతి పిల్లల మధ్యే పోల్చుకోవడం నయం.

ప్రశ్నలు అడిగితే వరస మారిపోతుంది. రెండో పాప నాలుగూ చెప్పింది. "దూడకే పోసేశాడు కదా సార్, తాగడానికి ఆయనకు మిగల్లేదు" అంది. మొదటివాడు మొదటి రెండే చెప్పాడు. పెదవులు ఎండకు పగిలాయట, సీసా నిజంగానే ఒలికిపోయిందట. వాడి ఒక్క తప్పు ఎక్కడో చూడండి: 'నీళ్లన్నీ' బదులు 'నీళ్లని'. ఒక ఒత్తు, ఒక దీర్ఘం పోయాయంతే. కానీ సీసా ఖాళీ అయిన సంగతి మొత్తం ఆ ఒక్క పదంలోనే ఉంది. నిమిషం లెక్కలో అది నలభైలో ఒకటి, కథలో మాత్రం అదే కీలకం.

మూడో పిల్ల ఒక్కటే చెప్పింది. ఇప్పుడు, జవాబు రానివాళ్లకు పేరా మనమే మామూలు వేగంతో చదివి వినిపించి, తప్పిన ప్రశ్నలు మళ్లీ అడగాలి. దీనికి రెండు నిమిషాలు చాలు. మూడో పిల్ల విన్నాక మిగతా మూడూ చెప్పేసింది. ఆమెకు కథ అర్థమవుతుంది, అక్షరాల దగ్గరే ఆగిపోతోంది. ఆమెకు కావాల్సింది గుణింతాలు, ఒత్తులు, చిన్న వాక్యాలు. ప్రశ్నలు-జవాబుల అభ్యాసం కాదు. మొదటివాడు కూడా విన్నాక "అమ్మ తిడుతుందని" అన్నాడు. వాడికి భాషలో లోటు లేదు, పరుగెత్తుతున్నాడు. వాడితో వాక్యానికోసారి ఆగి ఏం జరిగిందో చెప్పించాలి. విన్నాక కూడా చెప్పలేని నాలుగోరకం పిల్లలు ఉంటారు. ఇంట్లో లంబాడీయో, కోయో, ఉర్దూయో మాట్లాడే పిల్లల్లో ఇది తెలుగు మాటల కొరత కావచ్చు. వాళ్ల చేత ఎన్నిసార్లు పైకి చదివించినా అది తీరదు.

కాబట్టి తరగతి మొదట్లో ఎవరికి ఏం కావాలో తేల్చడానికి మూడో పద్ధతే మేలంటాను, పిల్లవాడికి ఐదారు నిమిషాలు పట్టినా సరే. నలభై మంది ఉంటే రోజుకు ఐదారుగురు చొప్పున వారం పది రోజులు పడుతుంది. నిమిషం లెక్కకు దాని చోటు వేరే ఉంది: మూడో పిల్లలాంటి వాళ్లు నెల నెలా ఎంత ముందుకొస్తున్నారో చూడటానికి దాన్ని మించింది లేదు. కాకపోతే ప్రతిసారీ కొత్త పేరా కావాలి, అంతే కష్టమైనది. ఇదే పేరా మళ్లీ ఇస్తే సగం కంఠతా చెప్పేస్తారు.

ఇక మొదటి వాక్యంలోనే మూడు నాలుగు పదాల దగ్గర ఆగిపోయే పిల్లవాడికి ఈ పేరా వద్దు. అక్కడే ఆపేసి, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో చేసినట్టు విడి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు చూపించి ఎక్కడున్నాడో తెలుసుకోండి. స్టాప్‌వాచ్ మాత్రం బల్ల కింద పెట్టుకోండి. అది కనిపిస్తే రెండో పాప కూడా మొదటివాడిలా పరుగెత్తుతుంది.