జాగ్రత్త: చిన్న ఫ్రేములో ప్రోగ్రెసివ్ లెన్స్ వేస్తామంటే ఒప్పుకోకండి, చదివే భాగం కోతలోనే పోతుంది

దూరానికీ దగ్గరకూ ఒకే లెన్సుగా వచ్చే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలకు ఆర్డర్ ఇవ్వబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి పని ఏ షాపులోనైనా జరగొచ్చు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇంకా కోపం తగ్గలేదు, మాట కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

నాకు చత్వారం, దగ్గర చూపుకి కలిపే అదనపు పవర్, అంటే యాడ్, +2.00. పాత అద్దాలు గీతలు పడి కొత్తవి చేయించుకుందామని వెళ్లాను. ఫ్రేము వాళ్లే ఎంచి చూపించారు. అడ్డంగా వెడల్పు, నిలువుగా సన్నం. దీనికి ప్రోగ్రెసివ్ పడుతుందా అని అడిగాను. "ఏ ఫ్రేముకైనా పడుతుంది సార్" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. డబ్బు కట్టాను, అద్దాలు వచ్చాయి. దూరం చక్కగా కనిపిస్తోంది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి. గడ్డం పైకెత్తి, లెన్సు అడుగంచు గుండా చూస్తే ఒక సన్నటి పట్టీలో రెండు పదాలు తేటపడతాయి, కన్ను కాస్త కదిపితే ఫ్రేము అంచు అడ్డం వస్తుంది. రోజంతా అలా తల వెనక్కి వాల్చి చదివితే మెడ పట్టేసింది.

తిరిగి వెళితే నోస్‌ప్యాడ్ కొంచెం వంచి ఇచ్చారు. "కొత్త కదా సార్, అలవాటు పడాలి" అన్నారు. మళ్లీ వెళ్లినా అదే మాట. ఈ మాట గురించి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఇన్నాళ్లూ ఆపింది ఇదే.

ప్రోగ్రెసివ్ లెన్సులో అలవాటు పడాల్సినవి నిజంగానే ఉన్నాయి. పక్కలకు చూసినప్పుడు గీతలు వంగినట్టు ఉండటం, మెట్లు దిగేటప్పుడు నేల కదిలినట్టు అనిపించడం, ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. మెదడు సర్దుకోగలిగేది లెన్సులో ఉన్నదానికే. గ్రైండింగ్ మెషీన్ మీద కోసి పారేసిన గాజు ముక్కకు ఎంతకాలం పెట్టుకున్నా అలవాటు పడలేం.

కోసి పారేయడం అంటే ఏమిటో చెబుతాను. ఈ లెన్సులో ఒకే పవర్ ఉండదు. నేరుగా ఎదురుగా చూసినప్పుడు కంటిపాప ఎక్కడ ఉంటుందో అక్కడికి లెన్సు మీది ఫిట్టింగ్ క్రాస్ అనే గుర్తు రావాలి. దాని పైభాగం దూరం చూపుకి. క్రాస్ నుంచి కిందికి దిగే కొద్దీ పవర్ మెల్లగా పెరుగుతూ వెళ్లి, కొంత దూరం తర్వాత పూర్తి యాడ్ అందుతుంది. ఆ దిగే దారిని కారిడార్ అంటారు. చదివే భాగం మొదలయ్యేది కారిడార్ అయిపోయాకే. అది కూడా ఒక చుక్క కాదు, పుస్తకంలో నాలుగు వరుసలు కన్ను తిప్పి చదవాలంటే దానికి కింద మరికొన్ని మిల్లీమీటర్ల చోటు కావాలి.

అందుకే ప్రతి లెన్సు డిజైన్‌కి కంపెనీ ఒక కనీస ఫిట్టింగ్ హైట్ చెబుతుంది. కంటిపాప నడిమి నుంచి ఫ్రేము లోపల లెన్సు అడుగు వరకు నిలువుగా ఎంత ఉందో అదే ఫిట్టింగ్ హైట్. నాకు వేసిన డిజైన్‌కి కారిడార్ 14 మి.మీ., కనీస హైట్ 18 మి.మీ. నా ఫ్రేము నిలువు లోతు మొత్తం కలిపి 26 మి.మీ. అందులో నా కంటిపాప అడుగు నుంచి 14 మి.మీ. ఎత్తులో ఉంది. అంటే పూర్తి పవర్ అందే చోటుకు వచ్చేసరికి లెన్సు అయిపోయింది. మిగతా 4 మి.మీ., అసలు చదవడానికి ఉండాల్సింది, ఫ్రేము బయట పడింది. అడుగంచులో కొంత ఫ్రేము గాడిలో దాక్కుంటుంది, అది కూడా పోయినట్టే. సౌకర్యంగా కన్ను దించి చూడగలిగే 10 మి.మీ. దగ్గర నాకు అందుతున్నది 2.00 కాదు, లెక్క కడితే సుమారు 1.40. అందుకే 40 సెంటీమీటర్లలో పట్టుకోవాల్సిన పుస్తకాన్ని అర మీటరు అవతలకు జరిపితే తప్ప అక్షరం ఆనడం లేదు.

ఇదంతా షాపువాళ్లు చెప్పలేదు. తెలిసిన ఇంకో ఆప్టీషియన్ నా అద్దాలు తీసుకుని కళ్లముందు చూపించాడు. లెన్సును వెలుతురుకు కొంచెం ఏటవాలుగా, వెనక నల్లటి గుడ్డ ఉండేలా పట్టుకున్నాడు. జాగ్రత్తగా చూస్తే ప్రతి లెన్సులో రెండు చిన్న గుండ్రటి చెక్కుళ్లు కనిపించాయి, ఒకదానికొకటి 34 మి.మీ. దూరంలో. చెవి వైపు ఉన్నదాని కింద 20 అని ఉంది, అది నా యాడ్. వాటి మీద మార్కర్‌తో చుక్కలు పెట్టి, ఆ డిజైన్‌కి కంపెనీ ఇచ్చిన చార్టు మీద లెన్సును ఆనించి, క్రాస్‌నూ చదివే భాగాన్ని చూపే వృత్తాన్నీ గీశాడు. క్రాస్ సరిగ్గానే కంటిపాప మీద ఉంది. వృత్తం గీయబోతే పైన ఒక వంపు మాత్రమే లెన్సు మీద పడింది, మిగతాది గీయడానికి లెన్సు లేదు. పైగా చదివేటప్పుడు కళ్లు ముక్కు వైపుకు వస్తాయి కాబట్టి ఆ వృత్తం క్రాస్‌కి నేరుగా కింద కాకుండా రెండు రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. నా ఫ్రేముకు సరిగ్గా ఆ మూలే కోసుకుపోయి ఉంది.

ఆ గీతలు చెరపకుండా నేరుగా షాపుకు వెళ్లాను. ఆర్డర్ ఫారం చూపించమని అడిగాను. మొదట లేదన్నారు, తర్వాత కంప్యూటర్‌లో తీశారు. ఫిట్టింగ్ హైట్ దగ్గర కుడి 14, ఎడమ 14 అని ఉంది. దాని పక్కన ల్యాబ్ వాళ్లు పెట్టిన నోట్: హైట్ కనీసం కంటే తక్కువ, కొనసాగించాలా? కింద షాపు నుంచి జవాబు: కొనసాగించండి.

చదివి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లెన్సు కోయకముందే ల్యాబ్ వాళ్లు హెచ్చరించారు. నాకు ఒక్క ఫోన్ చేసి "సార్, ఈ ఫ్రేము చాలదు, లోతైనది తీసుకోండి" అని ఉంటే నిమిషంలో మార్చుకునేవాణ్ని. చెప్పలేదు. కోయమన్నారు. చదవలేకపోతున్నానని వచ్చిన ప్రతిసారీ, ఆ నోట్ వాళ్ల దగ్గరే పెట్టుకుని, నా కళ్లకే అలవాటు కాలేదన్నారు. ఎందుకు చెప్పలేదని మేనేజర్‌ని అడిగితే "కస్టమర్ ఫ్రేము నచ్చి తీసుకున్నారు కదా, మేం కాదనలేం" అన్నాడు. నేను నచ్చిందన్నది దాని ఆకారం. అందులో లెన్సు పడుతుందో లేదో చెప్పాల్సిన చదువు వాళ్లది. నేను అడిగింది కూడా అదే. పక్కన ఇంకో పెద్దావిడ కూర్చుని ఉన్నారు, ఆవిడకూ అలాంటి సన్న ఫ్రేమే చూపిస్తున్నారు.

గొడవ చేస్తే మళ్లీ చేసి ఇస్తామన్నారు. అదే ఫ్రేములో. ఇక్కడ ఇంకో మోసం జరిగింది, ఇది కూడా తెలుసుకోండి. రెండో జత వచ్చాక చదవడం కొంచెం మెరుగైంది, కానీ దూరం మసకబారింది. గడ్డం ఛాతీకి ఆనించినట్టు దించి చూస్తే తప్ప దూరంగా ఉన్న బోర్డు చదవలేను. ఆ ఆప్టీషియన్ మళ్లీ మార్కు చేసి చూస్తే క్రాస్ నా కంటిపాప కంటే 4 మి.మీ. పైన ఉంది. నా హైట్ 14 అయితే, ల్యాబ్ అడ్డు చెప్పకుండా ఈసారి ఫారంలో 18 అని వేశారు. అలా చేస్తే మొత్తం లెన్సు పైకి జరుగుతుంది, చదివే భాగం ఫ్రేములోకి వస్తుంది నిజమే. కానీ నేరుగా చూసినప్పుడు నా చూపు వెళ్లేది అప్పటికే కారిడార్‌లో 4 మి.మీ. దిగిపోయిన చోటు నుంచి. అక్కడ అర డయాప్టర్ దాకా దగ్గర పవర్ కలిసిపోయి ఉంటుంది, రెండు మీటర్లు దాటితే తేటగా కనిపించదు. ఇలాంటి అద్దాలతో బండి నడిపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తోంది. కొలతను కంటికి తగ్గట్టు రాయాలి గానీ కంప్యూటర్ ఒప్పుకునేలా రాస్తారా?

ఇప్పుడు షార్ట్ కారిడార్ లెన్సు వేస్తామంటున్నారు. 14 మి.మీ. హైట్‌కి కూడా సరిపోయే డిజైన్లు ఉన్నమాట వాస్తవం. అయితే అదే 2.00 పవర్‌ని తక్కువ దూరంలో ఎక్కించాలి కాబట్టి మార్పు ఏటవాలుగా ఉంటుంది. కారిడార్‌లో పవర్ ఎంత వేగంగా పెరిగితే పక్కలకు మసక దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని మింక్విట్జ్ అనే పరిశోధకుడు 1963లోనే లెక్క తేల్చాడు. దానివల్ల కంప్యూటర్ చూసే మధ్య భాగం ఇరుకైపోతుంది. యాడ్ తక్కువగా, 1.00 దరిదాపుల్లో ఉన్నవాళ్లకు అది పెద్దగా తెలియకపోవచ్చు. 2.00, 2.50 ఉన్నవాళ్లు, రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లు ఒప్పుకునే ముందు బాగా ఆలోచించండి. నేను వద్దన్నాను. లోతైన ఫ్రేము కావాలన్నాను. దానికి కొత్తగా డబ్బు కట్టాలట. కట్టనని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాను.

మీరు వెళ్లేటప్పుడు చిన్న స్కేలు పట్టుకెళ్లండి. ఫ్రేము కాడ మీద 52, 18, 140 లాంటి అంకెలు ఉంటాయి, అవి లెన్సు వెడల్పు, ముక్కు మీది దూరం, కాడ పొడవు. నిలువు లోతు సాధారణంగా రాసి ఉండదు, కొలుచుకోవాల్సిందే. 30 మి.మీ. కంటే తక్కువుంటే అక్కడే ఆగి అడగండి. ముందు ఫ్రేమును మీ ముఖానికి సరిచేసి, ఆ తర్వాతే ఎదురుగా మీ కళ్ల ఎత్తులో కూర్చుని, ఫ్రేముతో వచ్చే డెమో లెన్సు మీద ఒక్కో కంటికి విడిగా చుక్క పెట్టి కొలవాలి. పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం మాత్రం కొలిచి వదిలేస్తే ఆర్డర్ ఇవ్వకండి. లెన్సు డిజైన్ పేరు, దాని కనీస హైట్, మీ హైట్, మూడూ బిల్లు మీద రాయించుకోండి. అద్దాలు వచ్చాక లెన్సు మీది అచ్చు గుర్తులు తుడవనివ్వకండి, చెరిపేసి ఉంటే మళ్లీ వేయమనండి. పెట్టుకుని అద్దంలో చూడండి, క్రాస్ కంటిపాప నడుమ ఉందా, కింది వృత్తం మొత్తం ఫ్రేము లోపల ఉందా అని. ఈ రెండూ చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.