రెడిస్ మా డాష్‌బోర్డ్‌ని నిలబెట్టింది, కానీ ఆ SET మీద కోపం ఇంకా పోలేదు

రెడిస్‌ని మెచ్చుకోవడానికి చాలా ఉంది, అది తర్వాత. ముందు కోపం కక్కేస్తాను. గడువు పెట్టి దాచిన కీ మీద ఎవరైనా మళ్ళీ మామూలు SET కొడితే పాత గడువు ఎగిరిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, హాయిగా OK అంటుంది. ఆ క్షణం నుంచి ఆ కీ శాశ్వతం. డాక్యుమెంటేషన్‌లో ఈ మాట రాసే ఉంది, కాదనను. కానీ గడువు ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నవాడికి అది ఎప్పుడు గుర్తొస్తుంది చెప్పండి, డబ్బు పోయాకే.

మాది భీమవరంలో రొయ్యలు కొనే కంపెనీ. పట్టుబడులు తెల్లవారకముందే మొదలవుతాయి కాబట్టి ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఆకివీడు, ఉండి, కాళ్ళ, పాలకొల్లు ఏజెంట్లు, ఐస్ పంపేవాళ్ళు, ప్లాంట్‌లో గ్రేడింగ్ చూసేవాళ్ళు, అకౌంట్స్ వాళ్ళు అందరూ ఒకే డాష్‌బోర్డ్ తెరుచుకుని కూర్చుంటారు. ఏ ఏరియా నుంచి ఏ కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగే రొయ్యలు, ఎన్ని కిలోలు వస్తోంది, ఈరోజు రేటు ఎంత, పోయిన సీజన్‌తో పోలిస్తే ఎలా ఉంది, ఇవన్నీ అందులోనే. లోడ్ల క్వెరీ ఒక్కటే పోస్ట్‌గ్రెస్‌లో తొమ్మిది సెకన్లు నడిచేది. ఇండెక్సులు వేసి చూశాం, కొంత తగ్గింది, మళ్ళీ సీజన్ ఊపందుకోగానే అదే కథ. రెడిస్‌ని క్యాష్‌గా పెట్టాక మొదట తెరిచినవాడికే ఆ తొమ్మిది సెకన్లు, మిగతావాళ్ళకి రెప్పపాటు. ఇన్‌స్టాల్ ఎలాగో, కనెక్షన్ ఎలాగో అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

గడువు ఎంత పెట్టాలి అన్నదగ్గర చాలామంది క్వెరీ ఎంత బరువైతే గడువు అంత ఎక్కువ అని లెక్కేస్తారు. మేం ఆ లెక్క వెయ్యలేదు. ఈ అంకె ఎంత పాతబడితే ఎవరి జేబుకి చిల్లు పడుతుంది అని ఏజెంట్లనే అడిగాం. లోడ్ల కార్డు ఒక నిమిషం పాతదైనా ఎవరికీ ఏమీ కాదు, ఆకివీడులో బయల్దేరిన బండి ప్లాంట్‌కి రావడానికే అరగంట పడుతుంది కదా, అందుకని 60 సెకన్లు. సీజన్ పోలిక రాత్రి జాబ్ నడిచినప్పుడే మారుతుంది, కొత్తది ఆ జాబే రాసి పెడుతుంది. దానికి 24 కాకుండా 26 గంటలు ఇచ్చాం, జాబ్ కాస్త ఆలస్యమైనా పొద్దున్నే కార్డు ఖాళీగా కనపడకూడదని. రేటు కార్డే సున్నితం. ఆఫీసులో రేటు మార్చి సేవ్ కొట్టగానే ఆ కీని DEL చేసేస్తాం, అది ఏ కారణం చేతనైనా తప్పితే కాపాడటానికి వెనకాల పది నిమిషాల గడువు. అంటే ఎంత ఘోరం జరిగినా పది నిమిషాలకి మించి పాత రేటు కనపడదు అని మా నమ్మకం.

ఆ నమ్మకం ఒక పొద్దున్న ఆకివీడులో కూలింది.

ఆరోజు 100 కౌంట్ రేటు కిలోకి 10 రూపాయలు తగ్గింది. ఆఫీసులో 6:40కే మార్చేశారు. ఎనిమిదిన్నర దాటాక ఆకివీడు ఏజెంట్ గారు చెరువు గట్టు మీద నుంచి ఫోన్ చేసి లోడ్ ఎత్తించానన్నారు, చెప్పిన రేటు చూస్తే పాతది. మూడు టన్నుల లోడ్, అంటే 30 వేలు తేడా. అకౌంట్స్ వాళ్ళు గట్టిగా అడిగితే ఆయన, "స్క్రీన్ మీద ఉన్నదే చెప్పానండి బాబూ, నేను సొంతంగా ఏమన్నా కలిపానా?" అన్నారు. స్క్రీన్ ఫొటో పంపించారు కూడా. ఆయన మాట నిజమే. రైతుకి ఇచ్చిన మాట తప్పలేం కాబట్టి ఆ 30 వేలు కంపెనీ మీదే పడింది.

ఆ ఫొటోలో ఒక సంగతి మమ్మల్ని కాపాడింది. ప్రతి కార్డు కింద చిన్న అక్షరాల్లో 'డేటా సమయం' అని ఉంటుంది. పేజీ తెరిచిన సమయం కాదు, క్వెరీ నడిచిన సమయం, క్యాష్‌లో దాచే జేసన్‌లోనే దాన్నీ పెడతాం. ఫొటోలో అది 6:31. పది నిమిషాల గడువున్న కార్డు ఎనిమిదిన్నరకి 6:31 చూపించడం జరగని పని. మిగతా ఏరియాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆకివీడు ఒక్కటే తేడా. వెంటనే రెడిస్‌ని అడిగితే:

```
> TTL dash:rates:akividu
(integer) -1
```

-2 వస్తే కీ లేదని. ఏదైనా అంకె వస్తే ఇంకా అన్ని సెకన్లు బతుకుతుందని. -1 అంటే కీ ఉంది, గడువే లేదు. పది నిమిషాలు కాదు, ఎవరో చెరిపేదాకా అలాగే ఉంటుంది.

తవ్వితే తేలింది ఇది. కార్డు పైన చిన్న నోట్ చూపించే సదుపాయం ఒకటి బయటి టీమ్ చేత చేయించారు, 'ఐస్ లారీ ఆలస్యం' లాంటివి పెట్టడానికి. వాళ్ళ కోడ్ క్యాష్‌లోని కార్డుని GET చేసి, నోట్‌ని ఏజెంట్లకు మెసేజ్‌గా పంపి, ఆ తర్వాత నోట్ కలిపిన జేసన్‌ని SET చేస్తుంది. గడువు పెట్టే EX లేదు. మెసేజ్ పంపడానికి నాలుగైదు సెకన్లు. ఆరోజు ఆకివీడుకి నోట్ పెట్టారు. లాగ్‌లో వరస చూస్తే, 6:40:03కి నోట్ కోడ్ పాత రేటున్న కార్డు చదివింది, 6:40:05కి కొత్త రేటు సేవ్ అయ్యి DEL పడింది, 6:40:08కి నోట్ కోడ్ తన చేతిలో ఉన్న పాత కార్డుని తిరిగి పెట్టేసింది. శుభ్రంగా చెరిపిన కీ పాత రేటుతో మళ్ళీ పుట్టింది, పైగా గడువు లేకుండా.

అంతకుముందు పెట్టిన నోట్లు కూడా గడువు ఎగరగొట్టే ఉంటాయి, మరి ఎందుకు బయటపడలేదు అంటే, తర్వాత ఎప్పుడో రేటు మారినప్పుడు DEL వచ్చి ఆ శాశ్వత కీని ఊడ్చేసేది. ఒక తప్పుని ఇంకో మంచి పని కప్పిపెడుతూ వచ్చింది. ఇలాంటివి టెస్టింగ్‌లో పట్టుకోవడం కష్టం.

దీనికి అందరూ చెప్పే మందు KEEPTTL, రెడిస్ 6.0 నుంచి ఉంది, ఉన్న గడువుని అలాగే ఉంచుతుంది. కానీ అదొక్కటే చాలదు. GET చేసిన తర్వాత, SET చేసేలోపు కీ చచ్చిపోతే నిలబెట్టడానికి పాత గడువంటూ ఏముంది? మళ్ళీ -1తోనే పుడుతుంది. అందుకని XX కూడా కావాలి, కీ ఇంకా ఉంటేనే రాయమని:

```
SET dash:rates:akividu "<json>" XX KEEPTTL
```

ఇది ఉండుంటే ఆరోజు 6:40:08కి చేసిన SET జరిగేదే కాదు. అయితే ఆ మూడు సెకన్లలో ఇంకెవరైనా పేజీ తెరిచి కొత్త రేటుతో కీని నింపి ఉంటే, దాని మీద పాతది పడే ఉండేది, కాకపోతే పది నిమిషాల్లో పోయేది. చివరికి నోట్‌ని వేరే కీలోకి మార్చించి, కార్డు కీని నింపే పని ఒకే ఒక్క ఫంక్షన్‌కి ఇచ్చాం. ఆ ఫంక్షన్‌లో EX తప్పనిసరి.

అక్కడితో అయిపోయిందనుకోకండి. ఇదే తిరకాసు నోట్ కోడ్ లేకుండా కూడా రావచ్చు. రేటు మారకముందు మొదలైన నెమ్మది క్వెరీ, DEL పడిన తర్వాత పూర్తయితే, పాత ఫలితాన్ని తెచ్చి క్యాష్‌లో పెడుతుంది. ఎంత జాగ్రత్తగా DEL చేసినా ఇది ఆగదు. అందుకని చెరపడం మానేసి, కీ పేరులోనే వెర్షన్ నంబర్ పెట్టాం:

```
GET ver:rates                  -> "41"
# ఇప్పుడు క్వెరీ
SET rates:41:akividu "<json>" EX 600
```

రేటు మారితే డేటాబేస్‌లో కమిట్ అయ్యాక `INCR ver:rates`. ఇకనుంచి అందరూ 42 కోసం వెతుకుతారు. 41 పట్టుకుని బయల్దేరిన ఆలస్యపు క్వెరీ తన పాత ఫలితాన్ని 41 కిందే పెట్టుకుంటుంది, దాన్ని ఎవరూ చూడరు, పది నిమిషాల్లో దానంతటదే పోతుంది. వరస మాత్రం తప్పకూడదు. కమిట్‌కి ముందే INCR చేస్తే, ఈలోపు వచ్చినవాడు పాత రేటు చదివి 42 కింద పెట్టేస్తాడు. వెర్షన్ నంబర్ కూడా క్వెరీకి ముందే చదవాలి, తర్వాత కాదు. అన్ని ఏరియాల రేట్లు ఒకేసారి మారినప్పుడు ఇంతకుముందు `KEYS dash:rates:*` అని వెతికి చెరిపేవాళ్ళం, అది కీలన్నీ తిరిగేదాకా మిగతా అందరినీ నిలబెట్టేది. ఇప్పుడు ఒక్క INCR.

వెర్షన్ కీకి గడువు ఉండదు కాబట్టి మెమరీ నిండినప్పుడు రెడిస్ దాన్ని తీసేయకుండా చూసుకోవాలి. మాది `volatile-lru`, గడువున్న కీలనే తీస్తుంది. `allkeys-lru` అయితే దేన్నైనా తీయొచ్చు.

ఈ గొడవలో అనుకోకుండా దొరికిన మంచి వస్తువు ఒకటుంది. `INFO keyspace` కొడితే ఇలా వస్తుంది:

```
db0:keys=1846,expires=1844,avg_ttl=2914380
```

మొత్తం కీలెన్ని, అందులో గడువున్నవెన్ని. మా దగ్గర శాశ్వతంగా ఉండాల్సినవి రెండే, రెండూ వెర్షన్ కీలు. తేడా రెండు దాటిందంటే ఎవరో EX లేకుండా రాశారన్నమాట. దీన్ని నిమిషానికోసారి చూసి మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ పెట్టాం. ఆ 30 వేలకి ముందే ఇది తెలిసుంటే!

పైన రెప్పపాటు అన్నాను కదా, అందులో కొంచెం కోత వెయ్యాలి. లోడ్ల కార్డు గడువు తీరిన క్షణంలో పదిమంది ఉంటే పదిమందికీ క్యాష్ ఖాళీగా కనపడి పది తొమ్మిది సెకన్ల క్వెరీలు ఒకేసారి డేటాబేస్ మీద పడతాయి. `SET lock:loads 1 NX EX 20` అని ఒక్కరినే లోపలికి పంపి, మిగతావాళ్ళకి ఇంకో కీలో ఐదు నిమిషాల గడువుతో దాచిన పాత కాపీ చూపిస్తున్నాం. పని చేస్తోంది, కానీ కోడ్ మొదట అనుకున్నంత చిన్నగా లేదు.

కొనొచ్చా అని అడిగితే, ఇదేమీ షాపులో వస్తువు కాదు గానీ, మాలాగా చదివేవాళ్ళు వందమంది, మార్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నచోట నేనైతే మళ్ళీ ఇదే పెడతాను. రోజుకోసారి మారే రిపోర్టులే ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో మెటీరియలైజ్డ్ వ్యూ చాలు, ఇంత తలనొప్పి అక్కర్లేదు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఈ పూట ఒకసారి `INFO keyspace` కొట్టి ఆ రెండు అంకెల తేడా ఎంతుందో చూడండి.