ఆ అబ్బాయి మా అమ్మతోనే మాట్లాడాడు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మీ బ్యాంకులో మొదట మా నాన్నగారి పెన్షన్ పడేది. ఆయన పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా మా అమ్మ ఫ్యామిలీ పెన్షన్ పడుతోంది. ఇన్నేళ్ళలో నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. జనవరి 2న మీ కాల్ సెంటర్‌లో మా అమ్మ ఫోన్ తీసుకున్న అబ్బాయి గురించి రాస్తున్నాను. కాల్ నంబరు విడిగా పంపాను, దాన్ని బట్టి ఆయన ఎవరో మీకు తెలుస్తుంది.

అమ్మకి 81 ఏళ్ళు. రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. కుడి చెవి బొత్తిగా వినిపించదు, ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటుంది. డిసెంబరు 31న పెన్షన్ పడలేదు. ఆ వారం సెలవు పెట్టి నేను అక్కడే ఉన్నాను కాబట్టి సరిపోయింది. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నేను పోయానని రాసేశారేమోనే" అని ఒకటే టెన్షన్.

మాకు అర్థం కానిది ఏంటంటే, నవంబరులో అమ్మ బతికే ఉన్నట్టు చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాం. అంతకుముందు ఏడాది బ్రాంచికి వెళితే వేలిముద్రల మిషన్ మీద ఆరుసార్లు పెట్టినా అమ్మ వేలిముద్ర పడలేదు. అరవై ఏళ్ళు చింతపండు పిసికి, అంట్లు తోమిన చేతులు, గీతలు అరిగిపోయాయి. చివరికి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందుకని ఈసారి మా అన్నయ్య కొడుకు తన ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్ వేసి, ముఖం స్కాన్ చేసి పంపించాడు. ప్రమాణ్ ఐడీ కూడా వచ్చింది. పది నిమిషాల్లో అయిపోయింది, ఇంక బ్రాంచికి వెళ్ళక్కర్లేదు అని మా బంధువుల గ్రూపులో నేనే అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చుకోవాలి.

జనవరి 2 ఉదయం మీ నంబరుకి ఫోన్ చేసింది నేను. సంగతి చెప్పగానే ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట, "అమ్మగారు పక్కనే ఉన్నారా అండీ? ఖాతా ఆవిడది కదా, ఆవిడతోనే మాట్లాడతాను. మీరు పక్కన ఉండండి, స్పీకర్ పెట్టండి" అని. అమ్మకి వినపడదని చెప్పాను. "పర్వాలేదండీ, మెల్లగా మాట్లాడతాను" అన్నాడు. ఇన్నేళ్ళుగా బ్యాంకు పని అంటే అమ్మ పక్కన కూర్చుంటుంది, మాటలు నాకూ బ్యాంకువాళ్ళకీ మధ్యే నడుస్తాయి. ఎవరైనా సరే, అమ్మ వైపు చూడకుండా నావైపు తిరిగే మాట్లాడతారు. నేను కూడా అలాగే అలవాటు పడిపోయాను. ఆ రోజు మాత్రం ఫోన్ అమ్మ చేతిలో ఉంది.

పుట్టిన తేదీ అడిగితే అమ్మ చెప్పలేకపోయింది. ఆధార్‌లో ఉన్న తేదీ వేరు, అమ్మ నమ్మే తేదీ వేరు. మామూలుగా అయితే అక్కడే "వివరాలు సరిపోలేదు" అని ఫోన్ పెట్టేస్తారు. ఆయన పెట్టెయ్యలేదు. నామినీ ఎవరు, ఈ మధ్య ఎంత డబ్బు తీశారు, పాస్‌బుక్‌లో మొదటి పేజీలో ఏ చిరునామా ఉంది, ఇలా వేరే ప్రశ్నలు అడిగాడు. అమ్మ తడుముకోకుండా చెప్పింది. తీసిన డబ్బు, అది ఏ మందులకు అయిందో కూడా చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు.

ఆ తర్వాత చెప్పాడు: "అమ్మగారూ, మీ సర్టిఫికెట్ మాకు రాలేదని కాదు. వచ్చింది, కానీ తిరస్కరించారు." ఈ మాట మాకు కొత్త. ప్రమాణ్ ఐడీ వచ్చిందంటే పని అయిపోయినట్టే అనుకున్నాం. ఐడీ వచ్చిందంటే ఆధార్‌లోని ముఖంతో ఈ ముఖం కలిసిందని మాత్రమే అర్థమట. అందులో రాసిన పెన్షన్ వివరాలు బ్యాంకు తన రికార్డుతో సరిచూసుకుని, సరిపోతేనే తీసుకుంటుంది. సరిపోకపోతే తిప్పికొడుతుంది. ఆ సమాచారం మెసేజ్‌గా వస్తుంది. మరి మాకెందుకు రాలేదు అని అడిగాను. "దరఖాస్తులో ఎవరి మొబైల్ నంబరు ఇచ్చారండీ?" అన్నాడు. మా అన్నయ్య కొడుకు తన నంబరే ఇచ్చాడు. వాడు బెంగళూరులో ఉంటాడు. వందల మెసేజ్‌ల మధ్య అదీ వచ్చింది, వాడు చూసుకోలేదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. పని తేలింది ఆ ప్రశ్నతోనే. "ఆ సర్టిఫికెట్ తెరిచి, పెన్షన్ రకం దగ్గర ఏముందో చదవండి." ప్రమాణ్ ఐడీతో jeevanpramaan.gov.in లో సర్టిఫికెట్ దించుకుని చూశాం. `Service` అని ఉంది. సర్వీస్ పెన్షన్ అంటే ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి వచ్చేది. అమ్మది నాన్నగారి తరఫున వచ్చే పెన్షన్, అక్కడ `Family` అని ఉండాలి. పిల్లవాడు మొదట కనిపించినదే నొక్కేశాడు. పీపీఓ నంబరు, ఖాతా నంబరు, ఆధార్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తప్పు ఆ ఒక్కచోటే. పాతదాన్ని దిద్దడానికి కుదరదు, సరైన వివరాలతో కొత్తగా మరొకటి చేసి కొత్త ఐడీ తీసుకోవాలి అని చెప్పి, "ఇప్పుడే చేద్దామా అమ్మగారూ?" అని అడిగాడు.

అప్పటికి ఇరవై నిమిషాలు దాటింది. నా ఫోన్‌లో ఆ యాప్ లేదు. దానికి తోడు ముఖం స్కాన్ కోసం AadhaarFaceRD అనే ఇంకో యాప్ కూడా వేసుకోవాలి. అవి దిగేవరకూ ఆయన లైన్‌లోనే ఉన్నాడు. ముందు ఫోన్ నడిపే మనిషిగా నా ఆధార్, నా ముఖం. ఆ తర్వాత అమ్మ ఆధార్, అమ్మ మొబైల్ నంబరు. ఈసారి అమ్మ నంబరే ఇమ్మన్నాడు. ఓటీపీ అమ్మ బటన్ ఫోన్‌కి వచ్చింది. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, "ఇదిగో నాయనా, చెబుతున్నా రాసుకో" అని మొదలుపెట్టింది. ఆయన వెంటనే గొంతు పెంచాడు: "అమ్మా, ఆగండి! ఆ అంకెలు నాకు చెప్పకండి. మీ అమ్మాయికి చూపించండి చాలు. బ్యాంకు నుంచి అని ఎవరు అడిగినా చెప్పకండి. రేపు నేనే ఫోన్ చేసి అడిగినా చెప్పకండి."

మేం పిల్లలం ఈ మాట అమ్మకి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. తలూపేది, మర్చిపోయేది. బ్యాంకు మనిషే తనకు చెప్పొద్దని అరిచాడు కాబట్టి ఇది మాత్రం గుర్తుండిపోయింది. పక్కింటి ఆవిడకి కూడా చెప్పింది.

ముఖం స్కాన్ దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. తెర మీద కళ్ళు ఆర్పమని వస్తుంది. అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. "కళ్ళు ఆర్పమ్మా" అంటే కంగారులో ఇంకా పెద్దవి చేసి చూస్తుంది. మూడుసార్లు విఫలమైంది. ఆయన ఫోన్‌లోంచే అడిగాడు, "అమ్మగారి వెనకాల కిటికీ ఉందా?" అని. ఉంది. వెనక నుంచి వెలుగు వస్తే ముఖం నల్లగా పడుతుందట. అమ్మని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టమన్నాడు, కళ్ళద్దాలు తీయించమన్నాడు. అప్పుడు అమ్మతో, "ఫోన్ సంగతి వదిలేయండి అమ్మగారూ. ఒకసారి కళ్ళు మూసుకుని దేవుడిని తలుచుకుని, కళ్ళు తెరవండి" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది, తెరిచింది, స్కాన్ అయిపోయింది. కొత్త ప్రమాణ్ ఐడీ వచ్చింది. మొత్తం 46 నిమిషాల కాల్. ఒక్కసారి కూడా ఆయన గొంతులో విసుగు వినపడలేదు. అదే పని నేను చేయిస్తే మూడోసారికే అమ్మని కసురుకునేదాన్ని.

అంతా ఆ ఒక్క ఫోన్‌తోనే అయిపోయిందని మాత్రం రాయలేను. పెన్షన్ మళ్ళీ మొదలుపెట్టేది మీ పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్, కాల్ సెంటర్ కాదు. ఆ సంగతి ఆయన ముందే చెప్పాడు. "రేపే పడుతుందని చెప్పను అమ్మగారూ, సర్టిఫికెట్ ఒప్పుకున్నాక వచ్చే పెన్షన్‌తో ఆగినది కూడా కలిపి పడుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఒప్పుకున్నారా లేదా అని తెలుసుకోవడానికి నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ వేరేవాళ్ళు ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు, కానీ "ప్రాసెస్‌లో ఉంది" అనే మాట తప్ప ఇంకేం చెప్పలేదు. జనవరి నెలాఖరున రెండు నెలలదీ కలిపి పడింది. ఆ నెల రోజులూ మందుల ఖర్చు నేను పెట్టుకోగలిగాను కాబట్టి ఇబ్బంది కాలేదు. పెన్షన్ తప్ప వేరే ఆధారం లేనివాళ్ళకి ఆ నెల ఎలా గడుస్తుందో నేను చెప్పలేను.

పక్కన నేనూ, స్మార్ట్‌ఫోనూ లేకపోయినా ఆయన ఇంతే సాయం చేయగలిగేవాడా అంటే, లేదు. ఆ మాట కూడా ఆయనే చెప్పాడు. 70 దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి సర్టిఫికెట్ తీసుకునే సదుపాయం ఉందని, వచ్చేసారి కావాలంటే దాన్ని అడగమని అమ్మకి వివరించాడు. 80 దాటింది కాబట్టి నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చని కూడా చెప్పాడు. ఇన్నేళ్ళలో బ్రాంచిలో ఎవరూ మాకు ఈ రెండూ చెప్పలేదు.

మీ వ్యవస్థలో కాల్ ఎంతసేపట్లో ముగించారన్నది లెక్కలోకి తీసుకుంటే, ఆ రోజు ఆయన లెక్క చెడిపోయే ఉంటుంది. ఆ 46 నిమిషాలను ఆయనకు తప్పుగా రాయకండి. మీరే ఒకసారి కూర్చుని ఆ రికార్డింగ్ వినండి. ఇంకో మనవి కూడా ఉంది. సర్టిఫికెట్ తిప్పికొట్టినప్పుడు దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే కాకుండా, ఖాతాకు ముడిపడిన నంబరుకి కూడా మీ బ్యాంకు ఒక మెసేజ్ పంపితే బాగుంటుంది. అది వచ్చి ఉంటే మాకు నవంబరులోనే తెలిసేది.

ఈ అక్టోబరులో ఫోన్ చేస్తే మళ్ళీ ఆ అబ్బాయే ఎత్తుతాడా అని అమ్మ అడుగుతోంది. ఎవరు ఎత్తుతారో మన చేతుల్లో ఉండదని చెప్పాను. "అయితే ఎవరు ఎత్తినా నాతోనే మాట్లాడమని రాయి" అంది. రాశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు కూతురు