తెరను చూసి మేడ అంది

ఏడాదిగా మా ఇంట్లోని పాత ఫొటోలను ఒక ఏఐ చాట్ యాప్‌లో పెట్టి, వాటిలో ఏమేం ఉన్నాయో అడుగుతున్నాను. మొదట్లో కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా దాన్ని పొగిడాను. అందులో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

కారణం అమ్మమ్మా తాతయ్యల ఫొటో. బాగా వెలిసిపోయింది. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు, పక్కన అమ్మమ్మ నిలబడింది. వెనక స్తంభాలు, మెట్లు, దూరంగా తోట. కాగితానికి రంపపు పళ్ళలాంటి అంచులున్నాయి కాబట్టి 1950, 60ల్లో ప్రింటు వేసినది కావచ్చంది యాప్. అంతవరకు బాగానే ఉంది, వాళ్ళ పెళ్ళి 1958లో. ఎక్కడ తీశారంటే మాత్రం, కలిగినవాళ్ళ మేడ వసారాలో అంది. తాతయ్య చేతి గడియారాన్ని కూడా సాక్ష్యంగా చూపించింది. నేను ఆగలేక ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

అరగంటలో పిన్ని ఫోన్. "మేడేంట్రా? మాది తాటాకిల్లు. అది తెనాలిలో స్టూడియో తెర. ఆ గడియారం కూడా స్టూడియోవాడిదే!"

అప్పుడు భూతద్దం పెట్టి చూశాను. అమ్మమ్మ నీడ కుడివైపు పడితే, స్తంభాల నీడలు ఎడమవైపున్నాయి. కుర్చీ స్పష్టంగా ఉంది, తోట అలికినట్టుంది. తివాచీ వెనక తెర కింది అంచు ముడత పడి ఉంది, కానీ అక్కడ ఫొటో బాగా తెల్లబడి ఆ ముడత గీతలా మిగిలింది.

యాప్‌ని "ఇది రంగులతో గీసిన తెరేనా?" అంటే వెంటనే అవునంది. అనుమానమొచ్చి కొత్త చాట్ తెరిచి "నిజమైన మేడే కదా?" అన్నాను. దానికీ అవునే! మనం ఏ మాట అందిస్తే ఆ మాటే పట్టుకుంటోంది.

అప్పట్నుంచి ఏదీ అందించడం లేదు. అంతకుముందు ఫోన్‌తో తీసి పెట్టేవాణ్ణి, పైన లైటు మెరుపు పడేది. ఈసారి స్కానర్‌లో 600 డీపీఐలో, నలుపు తెలుపులో కాకుండా కలర్‌లో స్కాన్ చేశాను. ఫొటో కింది భాగాన్ని విడిగా కత్తిరించి పెట్టి, "కనిపించేవి మాత్రమే చెప్పు, ఊహలు వేరుగా చెప్పు" అన్నాను. నేల దగ్గర అడ్డంగా బట్ట మడతలాంటి గీత ఉందనీ, నీడలు ఒకవైపుకి లేవనీ, వెనకది తెర అయ్యుండొచ్చనీ తనంతట తనే చెప్పింది. నిజం చెప్పొద్దూ, కోపం సగం పోయింది. అయినా గడియారం సొంతమా, అరువా అన్నది ఏ స్కానూ చెప్పలేదు.

నాకు పిన్ని ఉంది కాబట్టి సరిపోయింది. అడగడానికి పెద్దవాళ్ళు లేని ఇంట్లో దీన్ని ఎంతవరకు నమ్మాలో నేను చెప్పలేను. యాప్‌కి డబ్బు కట్టడం మాత్రం ఆపలేదు. ట్రంకుపెట్టెలో ఇంకో నలభై ఫొటోలున్నాయి, దసరాకి వెళ్ళినప్పుడు ముందు పిన్నికి చూపించాకే ఇందులో పెడతాను.