ముందు అంకె చూసుకోవాలా, ముందు రోజు చూసుకోవాలా?

ఉద్యోగం త్వరగా మానేయాలంటే ఎంత పొదుపు కావాలో తేల్చడానికి రెండు దారులున్నాయి. ముందు అంకె చూసుకునేవాళ్లు ఇప్పటి ఏడాది ఖర్చుని 25తో గుణిస్తారు. నెలకు 40 వేలైతే ఏడాదికి 4.8 లక్షలు, లక్ష్యం 1.2 కోట్లు. లెక్క తేలికే. కానీ అది ఉద్యోగంలో ఉన్న మనిషి ఖర్చు. పైగా ఈ సూత్రం 30 ఏళ్ల రిటైర్మెంట్‌కి వేసింది, నలభైలోనే మానేస్తే చాలకపోవచ్చు.

రెండో దారిలో ముందు, ఉద్యోగం మానేశాక ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో రాసుకోవాలి. పొద్దున పదింటికి ఏం చేస్తుంటాను, ఎవరితో? వారానికి రెండు రోజులు పాఠాలు చెప్పాలనిపించి, నెలకు 10 వేలు వస్తే, పొదుపు మోయాల్సింది 30 వేలే. లక్ష్యం 90 లక్షలకి దిగుతుంది, పాఠాలు చెప్పే ఓపిక ఉన్నంతకాలం. ప్రయాణాలు రాసుకుంటే పెరుగుతుంది కూడా.

నా ఓటు దీనికే. నెల సెలవు పెట్టి ఆ మంగళవారాన్ని బతికి చూడండి. రెండో వారానికే విసుగొస్తే కాగితం మళ్లీ రాయాలి.